సింగపూర్ డిపాజిట్ సంగతి ఆదాయపు పన్ను శాఖకు ఎంతవరకు తెలుసు?

ప్రశ్న: నేను 2008 నుంచి సింగపూర్‌లో ఉద్యోగం చేసి, 2019 జూన్ 10న కాకినాడకు తిరిగి వచ్చేశాను. అక్కడి బ్యాంకులో 85,000 సింగపూర్ డాలర్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ అలాగే ఉంచాను. అది ఏటా ఫిబ్రవరిలో రెన్యువల్ అవుతుంది. ఇక్కడ నాకు జీతం తప్ప వేరే ఆదాయం లేదు కాబట్టి ఏటా ఐటీఆర్-1 వేస్తున్నాను. డిపాజిట్ గురించి ఎక్కడా రాయలేదు. ఈ డిసెంబరు 2025లో, విదేశీ ఆస్తుల వివరాలు సరిచూసుకోమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ఎస్‌ఎంఎస్ వచ్చింది. అమెరికాలో ఉన్న మా బావమరిది ఆ ఖాతా మూసేసి డబ్బు తన ఖాతాకు పంపమంటున్నాడు. ఇంకొకరు నా భార్య పేరు మీదికి మార్చమంటున్నారు. అసలు శాఖకు ఏం తెలుసు? ఇప్పుడు నేనేం చేయాలి? – ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: ముందుగా మీ మనసు కుదుటపడే మాట ఒకటి చెబుతాను. ఆ డిపాజిట్ ఉండటం తప్పు కాదు. విదేశంలో నివసిస్తున్న కాలంలో అక్కడ సంపాదించుకున్న ఆస్తిని, స్వదేశానికి తిరిగి వచ్చాక కూడా అక్కడే ఉంచుకోవడానికి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టమే, అంటే ఫెమానే అనుమతిస్తుంది. తప్పు జరిగింది రెండు చోట్ల: దాన్ని రిటర్నులో చూపకపోవడం, దాని మీద వచ్చిన వడ్డీకి పన్ను కట్టకపోవడం. ఈ తేడాను మొదటే గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మీకు సలహా ఇస్తున్న ఇద్దరూ సక్రమమైన డబ్బును దాచవలసిన డబ్బుగా మార్చేస్తున్నారు.

ఇక శాఖకు ఏం తెలుసన్న విషయం. ఒకప్పుడు విదేశీ బ్యాంకు ఖాతా వివరాలు కావాలంటే మన అధికారులు ఫలానా వ్యక్తి, ఫలానా అనుమానం అని పేర్కొంటూ ఆ దేశానికి లేఖ రాయవలసి వచ్చేది. పేరు ముందే తెలిస్తే తప్ప అడగలేరు, అడిగితే తప్ప పేరు తెలియదు. విదేశంలో డబ్బు దాచుకునేవారికి అన్నాళ్ళు రక్షణగా నిలిచింది ఈ చిక్కుముడే. ఉమ్మడి నివేదన ప్రమాణం అని చెప్పదగిన సీఆర్‌ఎస్ దాన్ని తిరగవేసింది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో ఎవరూ ఎవరినీ అడగరు. ఇందులో చేరిన ప్రతి దేశంలోని బ్యాంకులు తమ ఖాతాదారుల్లో ఏ దేశపు పన్ను నివాసి ఎవరో వేరు చేసి, ఏటా ఆ వివరాలను తమ పన్ను శాఖకు ఇస్తాయి. ఆ శాఖ వాటిని ఆయా దేశాలకు పంపుతుంది. భారత్ ఈ ఒప్పందంపై 2015 జూన్‌లో సంతకం చేసి 2017లో మార్పిడి మొదలుపెట్టింది. సింగపూర్, యూఏఈ 2018లో మొదలుపెట్టాయి. స్విట్జర్లాండ్ నుంచి మనకు మొదటి విడత వివరాలు 2019 సెప్టెంబరులో అందాయి.

మీ ఖాతా విషయంలో ఇది ఎలా నడుస్తుందో చూద్దాం. 2024 డిసెంబరు 31న మీ ఖాతాలో ఉన్న నిల్వను, ఆ క్యాలెండరు సంవత్సరంలో జమ అయిన వడ్డీని మీ బ్యాంకు 2025 మే నెలాఖరులోగా సింగపూర్ పన్ను శాఖకు చేరవేస్తుంది. ఆ శాఖ సెప్టెంబరు 30లోగా మన దేశానికి పంపుతుంది. వాటితోపాటు మీ పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఖాతా నంబరు, బ్యాంకు పేరు, మీరు ఇచ్చి ఉంటే మీ పాన్ నంబరు కూడా వస్తాయి. పాన్ ఉంటే ఇక్కడ మీ రిటర్నుతో జత కలపడం చిటికెలో పని. లేకపోతే పేరు, పుట్టిన తేదీ, చిరునామాలను బట్టి కలుపుతారు. మీకు ఎస్‌ఎంఎస్ ఏడాది చివర్లోనే ఎందుకు వచ్చిందో ఈ తేదీలే చెబుతాయి. సెప్టెంబరులో సమాచారం వచ్చింది, మీరు వేసిన రిటర్నుతో పోల్చి చూశారు, డిసెంబరు 31తో సవరణ గడువు ముగియకముందే హెచ్చరించారు.

మీరు భారత నివాసి అయ్యారని ఆ బ్యాంకుకు ఎలా తెలిసిందని మీకు సందేహం రావచ్చు. మీరు ఎప్పుడో ఒకసారి 'మీ పన్ను నివాసం ఏ దేశం' అని అడిగే స్వీయ ధ్రువీకరణ పత్రం నింపి ఉంటారు, లేదా చిరునామా మార్పించుకొని ఉంటారు. అవేవీ చేయకపోయినా, మీ ఖాతాకు కాకినాడ చిరునామాగానీ, సింగపూర్ నంబరు ఏదీ లేకుండా +91తో మొదలయ్యే ఫోను నంబరుగానీ, ఇక్కడున్న ఎవరికైనా ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీగానీ ఉంటే, బ్యాంకు వాటిని భారత నివాసానికి సూచనలుగా తీసుకొని విచారించాలి. మీది చిన్న ఖాతా కదా అనుకోవడానికి కూడా వీలు లేదు, ఎందుకంటే వ్యక్తుల ఖాతాలకు ఈ పద్ధతిలో కనీస పరిమితి అంటూ ఏదీ లేదు. నిల్వ పది లక్షల అమెరికన్ డాలర్లు దాటితే మాత్రం పరిశీలన ఇంకా లోతుగా ఉంటుంది: పాత కాగితాలు తిరగేయాలి, ఆ ఖాతాను చూసుకునే అధికారికి స్వయంగా ఏం తెలుసో కూడా అడగాలి.

ఇప్పుడు శాఖకు తెలియనిది ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే మీ దారి అక్కడే ఉంది. సీఆర్‌ఎస్ ద్వారా వచ్చేది ఏడాది చివరి నిల్వ, ఆ ఏడాది వడ్డీ మాత్రమే. లావాదేవీల పట్టిక రాదు. ఆ డబ్బు ఎప్పుడు, ఎలా వచ్చిందో అందులో ఉండదు. పదకొండేళ్ళ జీతంలో మిగుల్చుకున్న డబ్బుకూ, ఇక్కడి నుంచి హవాలాలో పంపిన డబ్బుకూ ఆ నివేదికలో తేడా కనిపించదు. రెండూ ఒక పేరు, ఒక అంకె, అంతే. ఆ తేడాను చూపించవలసింది ఖాతాదారే. మీ ఉద్యోగ ఒప్పందం, జీతం స్లిప్పులు, సింగపూర్‌లో పన్ను కట్టిన పత్రాలు, జీతం జమ అయిన ఖాతా స్టేట్‌మెంట్లు వెంటనే సేకరించి పెట్టుకోండి. పాత స్టేట్‌మెంట్లను బ్యాంకులు కొన్నేళ్ళే ఉంచుతాయి కాబట్టి ఈ ఒక్క పనికి ఆలస్యం చేయవద్దు.

ఈ పత్రాల విలువ నల్లధనం చట్టం చదివితే తెలుస్తుంది. 2015లో వచ్చిన ఈ చట్టం ప్రకారం, మూలం వివరించలేని విదేశీ ఆస్తి మొత్తం విలువ మీద 30 శాతం పన్ను, దానికి మూడు రెట్ల జరిమానా పడతాయి. రెండూ కలిపితే ఆస్తి విలువలో 120 శాతం, అంటే ఉన్నదానికంటే ఎక్కువే కట్టాలి. సింగపూర్ డాలరు రూ.64 అనుకొని లెక్క వేద్దాం. మీ డిపాజిట్ విలువ రూ.54,40,000. మూలం చూపలేకపోతే పోయేది రూ.65 లక్షల పైమాటే. అది మీరు నివాసి కాని కాలంలో సంపాదించిన జీతమని నిరూపించగలిగితే, అసలు మొత్తం ఈ లెక్కలోకి రాదు. మిగిలేది వడ్డీ. ఏడాదికి 2.5 శాతం చొప్పున 2,125 డాలర్లు, అంటే రూ.1,36,000 వచ్చిందనుకుందాం. దాన్ని మీరే చూపించి, 30 శాతం స్లాబులో సెస్సుతో కలిపి పన్ను కడితే సుమారు రూ.42,400 అవుతుంది. చూపకుండా దొరికితే అదే వడ్డీ మీద పన్ను, జరిమానా కలిసి రూ.1,63,200. దీనికి తోడు, విదేశీ ఆస్తిని రిటర్నులో చూపనందుకు ఏడాదికి రూ.10 లక్షల వేరే జరిమానా విధించే అధికారం శాఖకు ఉంది. స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల విలువ మొత్తం రూ.20 లక్షలు దాటని వారికి 2024 అక్టోబరు 1 నుంచి ఈ జరిమానా మినహాయింపు ఇచ్చారు. మీ డిపాజిట్ ఆ హద్దు దాటింది.

అయితే ఇది ఏ ఏడాది నుంచి వర్తిస్తుంది? ఇక్కడ చాలామంది తొందరపడి, కట్టనవసరం లేని ఏళ్ళకు కూడా కడుతుంటారు. తిరిగి వచ్చిన వ్యక్తి వెంటనే పూర్తి నివాసి అయిపోడు. కొంతకాలం 'నివాసి, కానీ సాధారణ నివాసి కాదు' అన్న స్థితిలో ఉంటాడు; అకౌంటెంట్లు దీన్నే ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. ఆ స్థితిలో ఉన్నంత కాలం విదేశీ వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, విదేశీ ఆస్తుల పట్టిక నింపవలసిన పనీ లేదు. అంతకుముందు పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నివాసి కాకుండా ఉంటే, లేదా అంతకుముందు ఏడేళ్ళలో ఇక్కడ ఉన్న రోజులు మొత్తం 729 దాటకుండా ఉంటే ఈ స్థితి వర్తిస్తుంది. మొదటి నియమంతో మీకు 2019-20, 2020-21 ఆర్థిక సంవత్సరాలు గట్టెక్కుతాయి. 2021-22కు రోజులు లెక్కపెట్టాలి. 2019 జూన్ 10 నుంచి 2020 మార్చి 31 దాకా 296 రోజులు, ఆ తరువాతి ఏడాది 365, కలిపి 661. అంటే 2014 ఏప్రిల్ నుంచి మీరు తిరిగి వచ్చేదాకా సెలవులకు ఇంటికి వచ్చిన రోజులన్నీ కలిపి 68కి మించకపోతే 2021-22 కూడా మినహాయింపులోనే ఉంటుంది. ఒక్క రోజు పెరిగి 69 అయినా ఆ ఏడాది మీరు పూర్తి నివాసే. కాబట్టి పాత పాస్‌పోర్టు తీసి, ఇమిగ్రేషన్ ముద్రలు ఒక్కొక్కటిగా రాసుకోండి. ఆ సెలవుల్లో ఒక పెళ్ళికో, సంక్రాంతికో వచ్చిన నాలుగు రోజులే ఒక ఏడాది పన్నును నిర్ణయించవచ్చు. సింగపూర్ పంపే సమాచారంలో ఈ ఆర్‌ఎన్‌ఓఆర్ సంగతి ఉండదు. అందుచేత మినహాయింపు ఉన్న ఏడాది గురించి కూడా మీకు ప్రశ్న రావచ్చు. దానికి జవాబు ఆ పాస్‌పోర్టే.

ఇప్పుడు చేయవలసిన పని. 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి, అంటే 2024-25 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, మీరు వేసిన రిటర్నును ఈ డిసెంబరు 31లోగా సవరించండి. ఐటీఆర్-1లో విదేశీ ఆస్తులు రాసే చోటే లేదు. విదేశీ ఖాతా ఉన్న సాధారణ నివాసి ఆ ఫారం వాడకూడదు. మీకు జీతం, వడ్డీ మాత్రమే కాబట్టి ఐటీఆర్-2 వేయాలి. అందులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో, విదేశీ డిపాజిట్ ఖాతాల భాగంలో బ్యాంకు పేరు, చిరునామా, ఖాతా నంబరు, తెరిచిన తేదీ, ఏడాదిలో అత్యధిక నిల్వ, చివరి నిల్వ, వడ్డీ రాయాలి. విలువలను స్టేట్ బ్యాంకు విదేశీ డబ్బును కొనే ధరతో, అంటే టీటీ కొనుగోలు రేటుతో రూపాయల్లోకి మార్చాలి. నేను వేసిన రూ.64 లెక్క వివరణ కోసమే. రిటర్నులో ఆయా తేదీల అసలు రేటు వాడండి. వడ్డీని ఇతర ఆదాయంలోనూ, విదేశీ ఆదాయపు షెడ్యూల్‌లోనూ చూపాలి. అక్కడ ఆ వడ్డీ మీద పన్ను కోత లేకపోతే ఇక్కడ పన్ను తగ్గింపు అడగవలసిన పని ఉండదు.

ఇందులో ఒక మెలిక ఉంది. మీ డిపాజిట్‌కు అది సరిగ్గా తగులుతుంది. మన ఆదాయం లెక్క ఏప్రిల్ నుంచి మార్చి దాకా. షెడ్యూల్ ఎఫ్‌ఏ మాత్రం జనవరి నుంచి డిసెంబరు దాకా, ఎందుకంటే బయటి దేశాల సమాచారం ఆ లెక్కలోనే వస్తుంది. మీ వడ్డీ ఫిబ్రవరిలో జమ అవుతుంది కదా. 2024 ఫిబ్రవరిలో జమ అయిన వడ్డీ 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరపు షెడ్యూల్ ఎఫ్‌ఏలో కనిపించాలి, కానీ ఆదాయంగా అది అంతకుముందు ఏడాదిది. 2025 ఫిబ్రవరి వడ్డీ ఈ అసెస్‌మెంట్ సంవత్సరపు ఆదాయంలోకి వస్తుంది, కానీ దాని షెడ్యూల్ ఎఫ్‌ఏ వచ్చే ఏడాదిది. ఈ రెండు అంకెలూ ఒకటి కాకపోవడం పొరపాటు కాదు. ఒకటిగా కనిపించాలని సర్దుబాటు చేసేవారిని చూశాను. అలా చేస్తే సింగపూర్ నుంచి వచ్చిన అంకెతో మీ అంకె కలవదు, లేని తగాదా మొదలవుతుంది. రెండింటి తేడాను చూపే చిన్న కాగితం తయారు చేసుకొని దగ్గర ఉంచుకోండి.

వెనకటి ఏళ్ళకు సవరణ గడువు దాటిపోయింది. వాటికి ఐటీఆర్-యు అనే అప్‌డేటెడ్ రిటర్ను ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళ దాకా వేయవచ్చు, కానీ అదనపు పన్ను ఆలస్యాన్ని బట్టి పెరుగుతుంది. మీరు 2026 మార్చి 31లోగా వేస్తే, కట్టవలసిన పన్ను, దాని వడ్డీల మొత్తంపై 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి 25 శాతం, 2023-24కు 50 శాతం, 2022-23కు 60 శాతం అదనం. పై లెక్క ప్రకారం రూ.42,400 పన్ను పడిన ఏడాదికి 25 శాతం అంటే రూ.10,600, 50 శాతం అంటే రూ.21,200, ఆలస్య వడ్డీ కాక. 2021లో సింగపూర్ డిపాజిట్ వడ్డీలు బాగా తక్కువగా ఉండేవి కాబట్టి, 2022-23 అసెస్‌మెంట్ సంవత్సరానికి, అంటే 2021-22 ఆదాయానికి, మీకు పడేది ఇంకా తక్కువే ఉండవచ్చు, అది కూడా పాస్‌పోర్టు లెక్కలో ఆ ఏడాది మీరు సాధారణ నివాసిగా తేలితేనే.

అప్‌డేటెడ్ రిటర్ను గురించి రెండు సంగతులు దాచకుండా చెప్పాలి. పన్ను ఒప్పందాల కింద వచ్చిన సమాచారాన్నిగానీ, నల్లధనం చట్టం కింద ఉన్న సమాచారాన్నిగానీ శాఖ ఒక ఏడాదికి సంబంధించి మీకు తెలియజేశాక, ఆ ఏడాదికి ఈ తలుపు మూసుకుపోతుంది. మీకు వచ్చిన ఎస్‌ఎంఎస్ సాధారణ హెచ్చరికా, లేక ఫలానా ఖాతా, ఫలానా ఏడాది అని పేర్కొన్నదా అన్నది అందుకే ముఖ్యం; ఆ సందేశాన్నీ, దానితో ఈమెయిల్ వచ్చి ఉంటే దాన్నీ మీ చార్టర్డ్ అకౌంటెంట్‌కు యథాతథంగా చూపండి. రెండోది, పాత ఏళ్ళలో ఆస్తి చూపనందుకు పడే రూ.10 లక్షల జరిమానా నుంచి అప్‌డేటెడ్ రిటర్ను పూర్తి రక్షణ ఇస్తుందని చట్టంలో ఎక్కడా లేదు. ఆ జరిమానా 'విధించవచ్చు' అని ఉందే తప్ప విధించి తీరాలని లేదు. డబ్బు మూలం స్పష్టంగా ఉండి, నోటీసుకు ముందే మీరే ముందుకు వచ్చారన్నది మీ పక్షాన బలమైన వాదన అవుతుంది. అంతకుమించి హామీ ఇచ్చే సలహాదారుడిని నమ్మవద్దు.

శాఖ ఈ సందేశాలను పంపుతున్నది మీ ఒక్కరికే కాదు. 2024 నవంబరులో మొదటిసారి ఇలా హెచ్చరించినప్పుడు 24,678 మంది తమ రిటర్నులు సరిచేసుకొని, రూ.29,208 కోట్ల విదేశీ ఆస్తులనూ, రూ.1,089.88 కోట్ల విదేశీ ఆదాయాన్నీ చూపారు. ఆస్తి ఎంతో, ఆదాయం అందులో ఎంతో చూడండి. వారిలో మీలాగే సక్రమంగా సంపాదించి, చూపడం మాత్రం మరిచినవారు ఎక్కువమంది ఉంటారని నా అభిప్రాయం.

ఇక మీ బావమరిది గారి సలహా. అమెరికా సీఆర్‌ఎస్‌లో చేరలేదన్నది నిజమే. 2015 జూలైలో కుదిరిన భారత్–అమెరికా ఒప్పందం కింద మన నివాసుల డిపాజిట్ ఖాతాల్లో ఏడాదికి పది డాలర్లు దాటిన వడ్డీ, అమెరికాలో పుట్టిన డివిడెండ్లు, అలాంటి ఇతర ఆదాయాలు మాత్రమే మనకు తెలుస్తాయి. ఖాతా నిల్వ రాదు. ఈ ప్రపంచ ఏర్పాటులో ఉన్న పెద్ద ఖాళీ ఇదే, దాన్ని లేనట్టు చెప్పడం సరికాదు. కానీ ఆ ఖాళీ మీకు పనికిరాదు. మీ సింగపూర్ ఖాతా వివరాలు మనకు ఇప్పటికే వచ్చి ఉంటాయి. దాన్ని మూసివేస్తే, మూసివేసిన సంగతి కూడా ఆ ఏడాది నివేదికలో వస్తుంది, అప్పటిదాకా పడిన వడ్డీతో సహా. రూ.54 లక్షల నిల్వ ఒక ఏడాది ఉండి మరుసటి ఏడాది మాయమైతే, అది ఎక్కడికి వెళ్ళిందన్న ప్రశ్న తప్పదు. అప్పుడు డబ్బు బావమరిది పేరున ఉందని చెప్పాలి, నిజమైన యజమాని ఎవరో చెప్పాలి. షెడ్యూల్ ఎఫ్‌ఏ అడిగేది కూడా యజమాని పేరే కాదు, ప్రయోజనం పొందేవారి సంగతి కూడా. ఇప్పటిదాకా జరిగినది చూపకపోవడం. ఆ పని చేస్తే ఉద్దేశపూర్వకంగా దాచారనడానికి మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది, ఉద్దేశపూర్వక ఎగవేతకు నల్లధనం చట్టంలో మూడేళ్ళ నుంచి పదేళ్ళ దాకా కఠిన కారాగార శిక్ష ఉంది.

భార్య పేరున మార్చినా లాభం లేదు. ఆవిడ కూడా భారత నివాసి కాబట్టి అదే సమాచారం ఆవిడ పేరున వస్తుంది. భర్త ఉచితంగా ఇచ్చిన డబ్బు మీద భార్యకు వచ్చే వడ్డీ చట్టప్రకారం భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఇప్పటికే ఉమ్మడి ఖాతా అయి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి: ఉమ్మడి ఖాతాలో ప్రతి ఖాతాదారు పేరునా పూర్తి నిల్వనే పంపుతారు. 85,000 డాలర్లు మీ పేరున ఒకసారి, ఆవిడ పేరున ఒకసారి వచ్చి, చూసేవారికి రెండు డిపాజిట్లలా కనిపించవచ్చు. అలాంటప్పుడు ఆవిడకు కూడా ఎస్‌ఎంఎస్ వచ్చిందేమో చూడండి. వచ్చినా రాకపోయినా, ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోయినా, విదేశీ ఖాతా ఉన్న సాధారణ నివాసిగా ఆవిడ కూడా రిటర్ను వేసి, తన షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ ఖాతాను చూపి, డబ్బు ఎవరిదో రాతపూర్వకంగా చెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

ఈ వారంలోనే సింగపూర్ బ్యాంకుకు రాసి, 2021 నుంచి ప్రతి క్యాలెండరు సంవత్సరానికీ డిసెంబరు 31 నాటి నిల్వ, జమ అయిన వడ్డీ చూపే స్టేట్‌మెంట్లు, మీరు ఇచ్చిన పన్ను నివాస ధ్రువీకరణ ప్రతి తెప్పించుకోండి. అందులో పాన్ తప్పుగా ఉన్నా, సింగపూర్ నివాసి అని పాత సమాధానమే ఉన్నా సరిచేయించండి. ఆ స్టేట్‌మెంట్లు చేతికి వచ్చేదాకా డిపాజిట్‌ను కదపవద్దు. సవరించిన రిటర్ను దాఖలై, ధ్రువీకరణ పూర్తయ్యాక, డబ్బు ఇక్కడికి తెచ్చుకోవాలనిపిస్తే మీ పేరున ఉన్న ఖాతాకే, బ్యాంకు ద్వారానే తెప్పించుకోండి.